లోతైన కాలువ, లోతు లేని సముద్రం

కాలువ లోతా, సముద్రం లోతా అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే నవ్వుతారు. మూడో తరగతి పిల్లవాడు కూడా సముద్రమే లోతని చెబుతాడు. కాని అదే ప్రశ్న ఒక అలను అడిగి చూడండి. "నా పొడవు ఎంతో ముందు చెప్పండి, ఆ తరువాత లోతు సంగతి చెబుతాను" అంటుంది అల. రెండు మీటర్ల కాలువ ఒక అలకు అంతులేని అగాధం. మూడు కిలోమీటర్ల బంగాళాఖాతం మరొక అలకు పళ్ళెంలో పోసిన నీళ్ళతో సమానం. ఇది మాటల గారడీ కాదు. అల ఎంత వేగంగా పోతుందో తేల్చే అసలు సూత్రం ఇందులోనే ఉంది. 2004 డిసెంబరు 26న మన తీరంలో వంద మందికి పైగా ప్రాణాలు తీసిన సునామీ ఎంతసేపట్లో వచ్చిందో లెక్క కట్టాలన్నా ఇదే సూత్రం కావాలి.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల విద్యార్థులకు సముద్రం దూరం. ఎటు పోయినా మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. అయినా అలల గురించి తెలుసుకోవడానికి సముద్రం దాకా పోనక్కరలేదు. హోస్పేట దగ్గరి తుంగభద్ర ఆనకట్ట నుంచి మన వైపు వచ్చే దిగువ కాలువ ఉంది. దానినే అందరూ ఎల్లెల్సీ అంటారు. గోనెగండ్ల దగ్గర హంద్రీ మీద కట్టిన గాజులదిన్నె జలాశయం ఉంది. పాఠం మొదలుపెట్టడానికి ఈ రెండూ చాలు.

ఒకే కాలువలో రెండు అలలు

ఎల్లెల్సీ మీద వంతెన ఎక్కి కిందికి చూస్తున్నారనుకోండి. (వంతెన మీది నుంచే చూడండి. కాలువలోకి దిగవద్దు, ప్రవాహం పైకి కనబడేంత నెమ్మదిగా ఉండదు.) కాలువలో రెండు మీటర్ల నీరు ఉందనుకుందాం. గాలికి నీటి మీద చిన్న అలలు లేచాయి. ఒక అల నెత్తి నుంచి తరువాతి అల నెత్తి దాకా ఉండే దూరం సుమారు 20 సెంటీమీటర్లు. అల నెత్తిని శృంగమనీ, పల్లాన్ని ద్రోణి అనీ, రెండు శృంగాల మధ్య దూరాన్ని తరంగ దైర్ఘ్యమనీ మీరు చదువుకున్నారు.

ఇప్పుడు ఎగువన ఎక్కడో తూము తలుపును కొద్దిగా పైకెత్తి వెంటనే దించారనుకోండి. నీటి మట్టం నాలుగు వేళ్ళ మందం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పొడవు 60 మీటర్లు అనుకుందాం. పక్కనున్న వారికి అది అలలా కనిపించదు కూడా. గట్టు రాళ్ళ మీద తడి గీత కాస్త పైకి జరిగి మళ్ళీ దిగుతుంది, అంతే. కాని ఇది కూడా అలే. గాలి అలలు సెకనుకు అర మీటరుకు కాస్త ఎక్కువగా నడుస్తాయి. ఈ ఉబ్బు సెకనుకు నాలుగు మీటర్లకు మించి పరుగెత్తుతుంది. కాలువ ఒకటే, నీరు ఒకటే. పైకి లేచిన నీటిని కిందికి లాగి అలను నడిపే భూమి ఆకర్షణా ఒకటే. వేగం మాత్రం ఎనిమిది రెట్లు తేడా. ఎందుకు?

అల అడుగును తాకుతుందా?

అల ముందుకు పోతుంది గాని నీరు దానితో పాటు పోదు. చెరువులో తేలే బెండు ముక్కను చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. అల వచ్చినప్పుడు అది కాస్త పైకి లేచి, ముందుకు జరిగి, కిందికి దిగి, వెనక్కు వచ్చి, దాదాపు మొదటి చోటికే చేరుతుంది. అంటే అది ఒక వృత్తంలో తిరిగింది. దాని కింద ఉన్న నీరు కూడా ఇలాగే వృత్తాలు తిరుగుతుంది. అయితే లోపలికి పోయేకొద్దీ ఆ వృత్తాలు చిన్నవవుతాయి. తరంగ దైర్ఘ్యంలో సగమంత లోతుకు పోయేసరికి వృత్తం పై వృత్తంలో ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. అక్కడి నీటికి పైన అల పోతున్న జాడ తెలియదనే చెప్పవచ్చు.

మన గాలి అల పొడవు 20 సెంటీమీటర్లు. దానిలో సగం 10 సెంటీమీటర్లు. కాలువ అడుగు రెండు మీటర్ల కింద ఉంది. ఆ అలకు అడుగనేది ఒకటి ఉందన్న సంగతే తెలియదు. కాలువను రెండు మీటర్లు కాక ఇరవై మీటర్లు తవ్వినా దాని నడక మారదు. కనుక దాని వేగాన్ని చెప్పే సూత్రంలో లోతుకు చోటు ఉండదు. భూమి ఆకర్షణ, అల పొడవు, ఈ రెండే ఉంటాయి. సూత్రం ఇది:

c = √(gλ/2π)

ఇందులో c అంటే అల వేగం, g అంటే గురుత్వ త్వరణం (సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు), λ అంటే తరంగ దైర్ఘ్యం. అంకెలు వేసి సరళం చేస్తే, తరంగ దైర్ఘ్యాన్ని మీటర్లలో తీసుకొని దాని వర్గమూలాన్ని 1.25తో గుణిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 20 సెంటీమీటర్లంటే 0.2 మీటరు. దాని వర్గమూలం సుమారు 0.45. వేగం సెకనుకు 0.56 మీటరు.

60 మీటర్ల ఉబ్బు సంగతి వేరు. దానికి కాలువ లోతు తన పొడవులో ముప్పయ్యో వంతు. కింద వృత్తాలు తిరగడానికి చోటే లేదు. నీరు పైకీ కిందికీ కదిలేది కొంచెం, ముందుకూ వెనక్కూ జరిగేది ఎక్కువ. పైనున్న నీరూ అడుగున ఉన్న నీరూ దాదాపు ఒకే తీరున జరుగుతాయి. ఉబ్బు ముందుకు సాగాలంటే వెనక నుంచి నీరు ముందుకు చేరాలి. ఆ నీరు పోవలసిన దారి లోతు ఎంత ఉంటే అంతే. దారి ఇరుకైతే అంత నీటినే మరింత జోరుగా నెట్టవలసి వస్తుంది. అందువల్ల అల నెమ్మదిస్తుంది. ఇక్కడ సూత్రంలో నుంచి అల పొడవు మాయమై లోతు వచ్చి కూర్చుంటుంది:

c = √(gh)

h అంటే నీటి లోతు. రెండు మీటర్ల లోతుకు 9.8ను 2తో గుణిస్తే 19.6. దాని వర్గమూలం 4.4. సెకనుకు 4.4 మీటర్లు, అంటే గంటకు సుమారు 16 కిలోమీటర్లు. ఇది నిలకడ నీటిలో వేగం. కాలువ నీరు సెకనుకు ఒక మీటరు చొప్పున పారుతుంటే దిగువకు పోయే ఉబ్బు గట్టున నిలబడ్డవారికి 5.4 మీటర్ల వేగంతో కనిపిస్తుంది.

అలకు అడుగు ఎప్పుడు తెలుస్తుంది, ఎప్పుడు తెలియదు అన్నదానికి ఒక కొండగుర్తు ఉంది. లోతు తరంగ దైర్ఘ్యంలో సగానికి మించితే అది లోతు నీరు, మొదటి సూత్రం వాడాలి. లోతు తరంగ దైర్ఘ్యంలో ఇరవయ్యో వంతుకు తగ్గితే అది లోతు లేని నీరు, రెండో సూత్రం వాడాలి. మధ్యలో ఉన్నవాటికి రెండింటినీ కలిపే మరో పెద్ద సూత్రం ఉంది. దానిని మీరు పై తరగతులలో చదువుతారు.

ఇంకో జాగ్రత్త. ఆనకట్ట తలుపులెత్తి గంటల తరబడి నీరు వదిలినప్పుడు ఆ నీరు ఆదోనికి ఎప్పుడు చేరుతుందో ఈ సూత్రంతో లెక్కించకండి. చిన్న ఉబ్బు కొంత దూరం పోవడం వేరు, కాలువ పొడవునా మట్టం పెరగడం వేరు. గట్టుల రాపిడీ, అడుగు రాపిడీ ఎక్కువగా పనిచేసే ఆ ప్రవాహం ఇంతకంటే చాలా నెమ్మదిగా వస్తుంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పందెం

రెండు సూత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. లోతు లేని నీటిలో అల పొడవు యాభై మీటర్లున్నా అయిదు వందల మీటర్లున్నా వేగం ఒకటే. లోతు నీటిలో అలా కాదు. పొడవు నాలుగింతలైతే వేగం రెండింతలవుతుంది. పొడుగు అలలు ముందుకు దూసుకుపోతాయి, పొట్టి అలలు వెనకబడతాయి. అన్నీ ఒకేచోట ఒకేసారి పుట్టినా దూరం పోయేకొద్దీ పొడవును బట్టి విడిపోతాయి. గాజు పట్టకంలో తెల్లని కాంతి రంగులుగా విడిపోవడాన్ని విక్షేపణం అంటారని చదివారు కదా! అలలు ఇలా విడిపోవడం కూడా విక్షేపణమే.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సుమారు 30 కిలోమీటర్లు. ఒక బస్సు, ఒక సైకిలు ఒకేసారి ఆదోనిలో బయలుదేరాయనుకోండి. బస్సు గంటకు 60 కిలోమీటర్లు, సైకిలు గంటకు 15 కిలోమీటర్లు పోతాయి. బస్సు అరగంటలో ఎమ్మిగనూరు చేరుతుంది. సైకిలు రెండు గంటలకు చేరుతుంది. ఎమ్మిగనూరులో కూర్చున్న మీకు అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. కాని వాటి వేగాలు తెలుసు, మధ్యలో గంటన్నర తేడా వచ్చిందని గడియారం చెప్పింది. ఆ రెండు వివరాలతో అవి 30 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చాయని మీరు లెక్క కట్టగలరు. అలలు రాసి పంపే ఉత్తరాన్ని చదవడమంటే ఇదే.

దక్షిణ హిందూ మహాసముద్రంలో 40 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన శీతాకాలంలో పెద్ద తుపానులు చెలరేగుతాయి. అక్కడి నుంచి మచిలీపట్నానికి సుమారు 6,000 కిలోమీటర్లు. అంత దూరంలో పుట్టిన అలలు కూడా మన తీరానికి చేరతాయి. 400 మీటర్ల పొడవు అలకు సగం 200 మీటర్లు, సముద్రం అంతకంటే ఎంతో లోతు. కనుక అది లోతు నీటి అలే.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. లోతు నీటిలో ఒక్కొక్క అల పోయే వేగం వేరు, అలల గుంపు పోయే వేగం వేరు. గుంపు సరిగ్గా సగం వేగంతోనే పోతుంది. గాలి లేని వేళ గాజులదిన్నె నీటిలోనో, మీ ఊరి చెరువులోనో కాస్త పెద్ద రాయి వేసి, వలయాల పట్టీలో ఒక్క అల మీదే చూపు నిలపండి. అది పట్టీ వెనక అంచులో పుట్టి, మధ్యలోకి వచ్చి బాగా ఎత్తుగా లేచి, ముందు అంచుకు పోయి మాయమవుతుంది. వెనక మరో కొత్త అల పుడుతుంది. అలలు గుంపును దాటిపోతూ ఉంటాయి. బయటి వలయాల మధ్య ఎడం ఎక్కువ, లోపలి వలయాల మధ్య ఎడం తక్కువ అన్న సంగతి కూడా గమనించండి. విక్షేపణం మీ కళ్ళ ముందే జరుగుతోంది. రెండు సెంటీమీటర్ల కంటే చిన్న ముడతలను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. వాటిని నడిపేది ముఖ్యంగా నీటి తలతన్యత. వాటికి మన సూత్రం పనికిరాదు.

ఇప్పుడు తుపాను లెక్క చూద్దాం. 400 మీటర్ల అల వేగం సెకనుకు 25 మీటర్లు. దాని గుంపు వేగం అందులో సగం, అంటే గంటకు 45 కిలోమీటర్లు. 6,000 కిలోమీటర్లు రావడానికి 133 గంటలు పడుతుంది. 225 మీటర్ల అలల గుంపు గంటకు సుమారు 34 కిలోమీటర్లు పోతుంది. దానికి దాదాపు 178 గంటలు పడుతుంది. అంటే తీరంలో ముందు పొడుగు అలలు, సుమారు 45 గంటల తరువాత పొట్టి అలలు వస్తాయి. ఎడం కొలిచినవాడికి తుపాను ఎంత దూరంలో పుట్టిందో తెలిసిపోతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ మంక్ 1963లో న్యూజీలాండు నుంచి అలాస్కా దాకా పసిఫిక్ మహాసముద్రంలో కొలత కేంద్రాలు పెట్టి, దక్షిణాన పుట్టిన తుపాను అలలు సముద్రం మీదుగా అంత దూరమూ సాగిపోవడాన్ని ఈ పద్ధతిలోనే వెంబడించాడు.

రైలు పెట్టెల్లా వచ్చిన సునామీ

మరి సునామీ ఈ రెండింటిలో ఏ జాతి? గాలి అల నీటి పై పొరను మాత్రమే కదిలిస్తుంది. సునామీ అలా పుట్టదు. భూకంపంలో సముద్రపు అడుగే వందల కిలోమీటర్ల మేర పైకి లేస్తుంది, లేదా కిందికి దిగుతుంది. పైనున్న నీరంతా దానితో పాటు లేచి దిగుతుంది. అందుకే సునామీ అల పొడవు వంద, రెండు వందల కిలోమీటర్లు ఉంటుంది. బంగాళాఖాతం లోతు మూడు కిలోమీటర్ల ప్రాంతం. 200 కిలోమీటర్లలో ఇరవయ్యో వంతు 10 కిలోమీటర్లు. మూడు కిలోమీటర్లు అంతకన్నా ఎంతో తక్కువ. కనుక సునామీకి బంగాళాఖాతం లోతు లేని నీరు. దాని వేగం లోతు మీదే ఆధారపడుతుంది.

ఇందువల్ల రెండు సంగతులు జరుగుతాయి. మొదటిది, దాని వేగం విపరీతం. 3,200 మీటర్ల లోతుకు లెక్క వేయండి. 9.8ను 3,200తో గుణిస్తే 31,360. దాని వర్గమూలం 177. సెకనుకు 177 మీటర్లంటే గంటకు సుమారు 640 కిలోమీటర్లు. రెండోది, విక్షేపణం దాదాపు లేదు. ఆదోని స్టేషనులో ఆగి బయలుదేరిన రైలు పెట్టెలన్నీ గుంతకల్లుకు కలిసే చేరినట్లు, సునామీలోని పొడుగు భాగాలూ పొట్టి భాగాలూ కలిసే ప్రయాణిస్తాయి. తుపాను అలలు దారిలో విడివిడిగా చెదిరిపోతాయి. సునామీ తన శక్తినంతా మూటకట్టుకొని తీరానికి తెస్తుంది.

డిసెంబరు 26 లెక్క

2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. మన గడియారం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవి పడమటి తీరం దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. దాని తీవ్రత 9.1. తొమ్మిది గంటలు దాటిన కొద్ది నిమిషాలకే చెన్నై, విశాఖపట్నం రేవులలో సముద్ర మట్టాన్ని నమోదు చేసే యంత్రాలు సునామీ మొదటి అలను గీశాయి. అంటే రెండున్నర గంటల ప్రయాణం. మచిలీపట్నం దగ్గరి మంగినపూడి తీరంలో పౌర్ణమి స్నానాలకు వచ్చినవారు కూడా అలలలో చిక్కుకున్నారు.

ఈ రెండున్నర గంటలు మన సూత్రానికి సరిపోతాయా? భూకంప కేంద్రం నుంచి చెన్నైకి సుమారు 2,000 కిలోమీటర్లు. రెండున్నర గంటలతో భాగిస్తే గంటకు 800 కిలోమీటర్లు, అంటే సెకనుకు 222 మీటర్లు. ఈ వేగం రావాలంటే లోతు ఎంత ఉండాలి? 222ను వర్గం చేసి 9.8తో భాగించండి. సుమారు 5,000 మీటర్లు వస్తుంది. కాని ఆ దారిలో బంగాళాఖాతం అంత లోతు లేదే! 3,200 మీటర్ల లోతుతో లెక్క వేస్తే, తీరం దగ్గర నెమ్మదించే సమయాన్ని కూడా కలిపితే, అల తొమ్మిదిన్నర కూడా దాటాకే రావాలి. అది ముప్పావుగంట ముందే ఎలా వచ్చింది? సూత్రం తప్పా?

సూత్రం తప్పు కాదు. మనం బయలుదేరిన చోటును తప్పుగా అనుకున్నాం. భూకంప కేంద్రం అంటే పగులు మొదలైన చోటు మాత్రమే. కొత్త గుడ్డను ఒక అంచున పట్టి చింపితే చిరుగు రెండో అంచు దాకా పరుగెత్తుతుంది కదా! ఆ రోజు భూమి పొర సుమత్రా దగ్గర మొదలుపెట్టి ఉత్తరంగా నికోబార్ దీవుల మీదుగా అండమాన్ వైపు సుమారు 1,300 కిలోమీటర్లు చిరుగుతూ పోయింది. దానికి పట్టింది పది నిమిషాలు మాత్రమే. ఆ పొడవు అంతటా సముద్రపు అడుగు కదిలింది, అంతటా సునామీ పుట్టింది. చెన్నైకి ముందుగా చేరింది సుమత్రా నుంచి బయలుదేరిన అల కాదు, నికోబార్ దీవుల ప్రాంతం నుంచి బయలుదేరిన అల.

మళ్ళీ లెక్క వేద్దాం. నికోబార్ ప్రాంతం నుంచి చెన్నైకి సుమారు 1,450 కిలోమీటర్లు. అందులో 1,400 కిలోమీటర్లు సగటున 3,200 మీటర్ల లోతు అనుకుందాం. 14,00,000 మీటర్లను 177తో భాగిస్తే 7,910 సెకన్లు, అంటే 132 నిమిషాలు. తీరం దగ్గరి చివరి 50 కిలోమీటర్లలో సముద్రం మెరక. సగటు లోతు 200 మీటర్లు అనుకుంటే వేగం సెకనుకు 44 మీటర్లు మాత్రమే. ఆ కాస్త దూరానికి 19 నిమిషాలు పడుతుంది. మొత్తం 151 నిమిషాలు. 6 గంటల 29 నిమిషాలకు 2 గంటల 31 నిమిషాలు కలపండి. సరిగ్గా తొమ్మిది! మనం తీసుకున్నవి సగటు లోతులు కనుక అయిదు పది నిమిషాల తేడా ఉండవచ్చు. ముప్పావుగంట తేడా మాత్రం లేదు. శాస్త్రజ్ఞులు చేసింది కూడా ఇదే. ఒక్కొక్క రేవుకు అల ఎన్ని గంటలకు చేరిందో చూసి, లోతుల పటం మీద వెనక్కు లెక్క కట్టి, సముద్రపు అడుగు ఎంత మేర కదిలిందో గీసి చూపారు.

నడిసముద్రంలో అరగజం, ఒడ్డున గోడ

భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 అనే ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా పోతూ నీటి మట్టాన్ని కొలిచింది. సునామీ ఎత్తు అక్కడ సుమారు 60 సెంటీమీటర్లు. వందల కిలోమీటర్ల పొడవులో 60 సెంటీమీటర్ల ఏటవాలు! పడవలో ఉన్నవాడికి తెలిసే అవకాశమే లేదు. మన ఎల్లెల్సీ ఉబ్బును గుర్తు తెచ్చుకోండి, ఇదీ అలాంటిదే.

మరి ఒడ్డున అంత ఎత్తు ఎక్కడి నుంచి వచ్చింది? లోతు పది మీటర్లకు తగ్గేసరికి అల వేగం సెకనుకు 10 మీటర్ల లోపుకు, అంటే గంటకు సుమారు 36 కిలోమీటర్లకు పడిపోతుంది. అల ముందు భాగం మెరక నీటిలో నెమ్మదించింది. వెనక భాగం ఇంకా లోతు నీటిలో జోరుగా వస్తోంది. సంత రోజున బజారు మొదట్లో బండి ఆగితే వెనక బండ్లన్నీ వచ్చి ఒకదానికొకటి దగ్గరైనట్లు అల పొడవు కుంచించుకుపోతుంది. శక్తి అలాగే ఉంది కనుక ఎత్తు పెరుగుతుంది. లోతు పదహారో వంతుకు తగ్గితే ఎత్తు రెండింతలవుతుందని లెక్క. 3,200 మీటర్ల నుంచి 12.5 మీటర్లకు రావడమంటే పదహారో వంతులో మళ్ళీ పదహారో వంతు. కనుక ఎత్తు రెండింతలకు రెండింతలు, అంటే నాలుగింతలు. 60 సెంటీమీటర్లు రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లయింది. ఆ పైన ఒడ్డు వాలును బట్టి, అఖాతం ఆకారాన్ని బట్టి ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా నీరు ఎగబాకుతుంది.

ఇది మామూలు సముద్రపు అలలా వచ్చి వెనక్కు పోయేది కాదన్నది మరీ ముఖ్యం. 200 కిలోమీటర్ల పొడవు అలను సెకనుకు 177 మీటర్ల వేగంతో భాగించి చూడండి. ఒక శృంగానికీ మరో శృంగానికీ మధ్య సుమారు 19 నిమిషాలు. అంటే నీరు కొన్ని నిమిషాల పాటు ఆగకుండా లోపలికి వస్తూనే ఉంటుంది, తరువాత కొన్ని నిమిషాలు లాక్కుపోతూనే ఉంటుంది. ముందుగా ద్రోణి చేరిన చోట సముద్రం ఉన్నట్టుండి వెనక్కు తగ్గి ఇసుక, చేపలు బయటపడతాయి. అది చూసే వింత కాదు. శృంగం రావడానికి నిమిషాలే ఉన్నాయని అర్థం. అప్పుడు చేపల కోసం ముందుకు పోకూడదు, వెంటనే మెరకకు పరుగెత్తాలి. మొదటి అల తగ్గిపోయిందని వెంటనే తిరిగి రాకూడదు. తరువాతి అల మొదటిదానికంటే పెద్దది కావచ్చు.

2004లో హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక కేంద్రం లేదు. అందుకే రెండున్నర గంటల వ్యవధి ఉండి కూడా మంగినపూడిలో ఉన్నవారికి కబురు చేరలేదు. భూకంపపు కదలికలు భూమిలో సెకనుకు ఎన్నో కిలోమీటర్ల వేగంతో పోతాయి. హైదరాబాదుకు అవి నిమిషాలలో చేరతాయి. వాటి వెనక సునామీ సెకనుకు 177 మీటర్లతో నడిచివస్తుంది. ఆ రెండు వేగాల మధ్య తేడాయే మనుషులు తప్పించుకోవడానికి దొరికే సమయం. 2007లో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో హెచ్చరిక కేంద్రం ప్రారంభమయింది. భూకంపం ఎక్కడ వచ్చిందో తెలియగానే, సముద్రపు లోతుల పటం మీద √(gh) లెక్కను ముక్కముక్కకూ వేసి, ఏ తీరానికి ఎన్ని నిమిషాలలో అల చేరుతుందో అక్కడ చెప్పగలరు. సముద్రపు అడుగున అమర్చిన ఒత్తిడి మాపకాలు అల నిజంగా పుట్టిందో లేదో తేలుస్తాయి.

మీ బడిలోనే కొలవండి

లోతు మీద వేగం ఆధారపడే సంగతిని మీరే పరీక్షించవచ్చు. 50 సెంటీమీటర్ల పొడవు, నిలువు అంచులు ఉన్న ట్రే ఒకటి తీసుకోండి. బల్ల మట్టంగా ఉండాలి. అందులో సరిగ్గా ఒక సెంటీమీటరు లోతు నీరు పోయండి. ఒక చివర కింద పెన్సిలు మందంలో సగం ఉండే పుల్ల పెట్టి, నీరు కదలడం ఆగాక పుల్లను చటుక్కున లాగేయండి. ఒక అల ఆ చివరి నుంచి ఈ చివరికి పోయి గోడకు కొట్టుకొని తిరిగి వస్తుంది. నాలుగు దాట్లకు, అంటే రెండు మీటర్ల ప్రయాణానికి ఎంతసేపు పట్టిందో గడియారంతో చూడండి. సూత్రం ప్రకారం వేగం సెకనుకు 31 సెంటీమీటర్లు. సుమారు 6.4 సెకన్లు రావాలి. తరువాత నాలుగు సెంటీమీటర్ల నీరు పోసి మళ్ళీ చూడండి. లోతు నాలుగింతలు, వేగం రెండింతలు. ఇప్పుడు 3.2 సెకన్లు రావాలి. ప్రతిదీ అయిదుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

మీ కాలం లెక్కకన్నా తక్కువ వస్తే ట్రేను ఎక్కువ ఎత్తారన్నమాట. ఒక సెంటీమీటరు నీటిలో అర సెంటీమీటరు అల లేచిందంటే ఆ అలకు లోతు ఒకటిన్నర సెంటీమీటర్ల లెక్క, అందుకే వేగం పెరిగింది. కాలం కాస్త ఎక్కువ వస్తే అది అడుగు రాపిడి ప్రభావం.

ఆఖరున, ప్రయోగశాలలో 50 సెంటీమీటర్ల పొడవు గాజు తొట్టి ఉంటే 20 సెంటీమీటర్ల నీరు పోసి అదే పని చేయండి. తొట్టి బరువు కనుక ఎత్తనక్కరలేదు, ఒక అట్టతో ఒక చివర నీటిని మెల్లగా నెడితే చాలు. √(gh) ప్రకారం నాలుగు దాట్లకు 1.4 సెకన్లు రావాలి. కాని మీకు 1.7 సెకన్లకు దగ్గరగా వస్తుంది. తొట్టి పొడవుకు రెండింతలు, అంటే ఒక మీటరు, అక్కడి అల పొడవు. అందులో 20 సెంటీమీటర్లు అయిదో వంతు. అటు సగమూ కాదు, ఇటు ఇరవయ్యో వంతూ కాదు. అల అడుగును సగం మరచిపోయింది. బంగాళాఖాతాన్ని సునామీ మరవలేదు గాని, మీ గాజు తొట్టిని ఈ అల మరవడం మొదలుపెట్టింది. ఎందుకో ఇప్పుడు మీరే మీ మిత్రులకు చెప్పగలరు.